కరెంటు ఉంది, ఇన్వర్టరు మాత్రం బ్యాటరీ మీద

(ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి కొంత భాగం. స్టూడియోలో ఇన్వర్టర్ల మరమ్మతులు చేసే టెక్నీషియన్ ఉన్నారు.)

యాంకర్: లైన్లో జనగామ వైపు నుంచి ఒకరు ఉన్నారు. చెప్పండి సార్.

కాలర్: నమస్తే మేడం, నమస్తే సార్. మా ఇన్వర్టర్ పెట్టిచ్చి రెండేండ్లాయె. పొద్దంతా మంచిగనే ఉంటది. పొద్దూకితే చాలు, కరెంటు ఉండంగనే బ్యాటరీ మీదికి పోతది. టక్ మంటది, పోతది. మల్ల టక్ మంటది, వస్తది. పది దాక ఇదే లొల్లి. తర్వాత నిజంగ కరెంటు పోతే గంట గూడ నడువది, బీప్ బీప్ అనుకుంట బందైతది.

టెక్నీషియన్: బ్యాటరీ ఎంతది అన్నా?

కాలర్: 150 ఏహెచ్ సార్. దుకాణమాయన బ్యాటరీ పాడైంది, కొత్తది ఏసుకో, పదిహేను వేలైతది అంటున్నడు.

టెక్నీషియన్: ఆ పదిహేను వేలు ఇవాళ్టికి జేబులోనే ఉంచండి. ఇప్పుడు ఇన్వర్టర్ దగ్గరే ఉన్నారా? ముందు వైపు డిస్‌ప్లే ఉందా, ఉత్త లైట్లేనా?

కాలర్: డిస్‌ప్లే ఉంది సార్. ఇప్పుడు బ్యాటరీ మీదనే ఉంది. నంబర్లు మారుతున్నయ్... ఒక కాడ 174 అని వచ్చింది.

టెక్నీషియన్: అది మీ ఇంటికొచ్చే కరెంటు వోల్టేజి. ఉండాల్సింది 230. ఇప్పుడు ఇన్వర్టర్ వెనక్కి చూడండి. చిన్న జారుడు స్విచ్ ఒకటి ఉంటుంది. ఒక పక్క యూపీఎస్ అని, ఇంకో పక్క నార్మల్ అనో ఎకో అనో రాసుంటుంది. ఎటుంది?

కాలర్: ఆగున్రి సార్, టార్చి ఏసి చూస్త... యూపీఎస్ దిక్కున్నది.

టెక్నీషియన్: దొరికింది. యూపీఎస్ అనే పద్ధతి కంప్యూటర్ల కోసం పెట్టింది. అందులో ఇన్వర్టర్‌కి పట్టింపు ఎక్కువ. వోల్టేజి దాదాపు 180కీ 260కీ మధ్య ఉంటేనే కరెంటు ఉన్నట్టు లెక్కేసుకుంటుంది. 174 వస్తే దాని దృష్టిలో కరెంటు పోయినట్టే, వెంటనే బ్యాటరీ మీదికి వెళ్తుంది. కాస్త పెరిగి 185కి రాగానే వెనక్కొస్తుంది. మళ్లీ తగ్గితే మళ్లీ పోతుంది. మీరు వింటున్న ఆ టక్ టక్ లోపల రిలే అనే స్విచ్ మారే చప్పుడు. నార్మల్‌లో పెడితే సుమారు 100 నుంచి 290 దాకా ఓర్చుకుంటుంది. కంపెనీని బట్టి కొద్దిగా అటూఇటూ ఉంటుంది, మీ పుస్తకంలో రాసుంటుంది. ఇంట్లో కంప్యూటర్ ఉందా?

కాలర్: లేదు సార్. రెండు ఫ్యాన్లు, రెండు ట్యూబులు, టీవీ.

టెక్నీషియన్: అయితే మొదట ముందువైపు స్విచ్ ఆపండి, వెనక స్విచ్ నార్మల్ వైపు జరపండి, మళ్లీ ఆన్ చేయండి. చేశాక వెంటనే కంగారు పడొద్దు, కరెంటు నిలకడగా ఉందో లేదో చూసుకోడానికి పది పదిహేను సెకన్లు తీసుకుంటుంది.

కాలర్: ...టక్ మన్నది సార్. మెయిన్స్ లైటు ఎలిగింది. ఫ్యాన్ జర నిమ్మళంగ తిరుగుతున్నది.

టెక్నీషియన్: నిమ్మళంగానే తిరుగుతుంది, ఎందుకంటే ఇప్పుడు వీధిలో వచ్చే 174 వోల్టులే ఫ్యానుకి వెళ్తున్నాయి. ఇన్వర్టర్ స్టెబిలైజర్ కాదు, వోల్టేజి పెంచదు. ఫ్యాను, లైటు, టీవీ అంత తక్కువలోనూ నెట్టుకొస్తాయి. ఫ్రిజ్‌ని మాత్రం అలా నడపకండి, కంప్రెసర్ తిరగలేక కాలిపోవచ్చు.

యాంకర్: మరి బ్యాటరీ సంగతేంటి? గంట కూడా రావట్లేదంటున్నారు కదా.

టెక్నీషియన్: దానికి చిన్న లెక్క చెప్తానమ్మా. రెండు ఫ్యాన్లకి 150 వాట్లు, రెండు ట్యూబులకి 40, టీవీకి ఓ 100. మొత్తం 290. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్-అవర్లుంటాయి. ఇన్వర్టర్లో పోయేది పోగా, బ్యాటరీ పూర్తిగా అడుగంటకుండా చూసుకోగా, చేతికొచ్చేది 1200 అనుకోండి. ఈయన ఇంట్లో సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఎక్కువసేపు బ్యాటరీ మీదే నడుస్తోంది. మూడున్నర గంటలు పోయినా 1000కి పైగా అయిపోతుంది. పైగా యూపీఎస్‌లో ఉన్నప్పుడు 180 లోపు కరెంటుని అది తీసుకోదు, అంటే ఆ సమయంలో చార్జింగ్ కూడా ఉండదు. ఇక పదింటికి నిజంగా కరెంటు పోతే మిగిలేదేముంది? బ్యాటరీ పాడై కాదు, అప్పటికే వాడేసుకున్నారు. బ్యాటరీలో నీళ్లు మాత్రం చూసుకోండి అన్నా. నాలుగు రోజులు నార్మల్‌లో నడిపి, ఒకరోజు కరెంటు పోయినప్పుడు ఎంతసేపొస్తుందో చూడండి. అప్పటికీ రాకపోతేనే బ్యాటరీ మాట.

కాలర్: మరి వోల్టేజి ఎందుకు పడుతుంది సార్? పక్కింట్ల గూడ ఇట్లనే ఉందా అని అడగాలా?

టెక్నీషియన్: అదే మొదటి పని. పక్కింట్లో లైట్లూ మసకగా ఉంటే తప్పు మీ ఇంట్లో లేదు. సాయంత్రం మోటార్లు, కూలర్లు అన్నీ ఒకేసారి వేస్తే ట్రాన్స్‌ఫార్మర్ లైను చివరి ఇళ్లకి వోల్టేజి పడిపోతుంది. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి, పక్కింటివాళ్ల చేత కూడా రాయించండి. మీ ఒక్కింట్లోనే తక్కువైతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, అదే సాయంత్రం, ఇంట్లో అన్నీ నడుస్తుండగా రెండు చోట్ల కొలిపించండి: మీటరు దగ్గర ఒకటి, ఇన్వర్టర్ సాకెట్ దగ్గర ఒకటి. మీటరు దగ్గర 215 ఉండి సాకెట్ దగ్గర 175 ఉందంటే, ఆ నలభై వోల్టులు మధ్యలో ఎక్కడో స్క్రూ వదులై వేడిగా పోతున్నాయి. ఇన్వర్టర్ ప్లగ్గు చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగిందేమో చూడండి. తిరిగుంటే ఆ సాకెట్ ఇవాళే మార్పించాలి, రేపటిదాకా వద్దు. పగలు కొలిస్తే మాత్రం రెండూ బాగానే కనిపిస్తాయి, ఆయన అంతా బాగుందని చెప్పి వెళ్లిపోతాడు.

యాంకర్: తర్వాతి కాలర్, తణుకు నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే అండీ. మాది 900 వీఏ ఇన్వర్టరండి. ఇందాక పిల్లల యూనిఫాంలు ఇస్త్రీ చేస్తున్నానండి, మా అత్తగారు వంటింట్లో మిక్సీ వేశారు. కాసేపటికి టక్కుమని, ఓవర్‌లోడ్ అని ఎర్రలైటు వెలిగి ఒకటే కూత. రెండూ తీసేస్తే కూత ఆగిందండి, కానీ అప్పట్నుంచీ బ్యాటరీ మీదే నడుస్తోంది. కరెంటు ఉందండి, గీజరు పనిచేస్తోంది, ఫ్రిజ్జూ పనిచేస్తోంది.

టెక్నీషియన్: ఇస్త్రీపెట్టె, మిక్సీ పెట్టిన సాకెట్లు, కరెంటు పోయినప్పుడు కూడా పనిచేస్తాయా అమ్మా?

కాలర్: చేస్తాయండి. మొన్న కరెంటు లేనప్పుడు అక్కడే ఫోను చార్జింగ్ పెట్టానండి.

టెక్నీషియన్: అంటే ఆ సాకెట్లు ఇన్వర్టర్ లైన్లో ఉన్నాయి. చాలామంది ఏమనుకుంటారంటే, కరెంటు ఉన్నప్పుడు ఇన్వర్టర్ మీద భారం పడదని. పడుతుంది. కరెంటు ఉన్నా ఆ లైన్లోదంతా ఇన్వర్టర్ లోపల్నుంచే వెళ్తుంది. ఇస్త్రీపెట్టె 1000 వాట్లు, మిక్సీ 750, ఫ్యాన్లూ లైట్లూ టీవీ ఓ 400, బ్యాటరీ చార్జింగ్ ఓ 200. మొత్తం 2350 దాకా, అంటే పది ఆంపియర్లు. ఇన్వర్టర్ వెనక ఒక చిన్న నల్ల బటన్ ఉంటుంది, దాని చుట్టూ అంకె రాసుంటుంది. చూసి చెప్తారా?

కాలర్: ఉందండి... 8 అని ఉంది. ఇది బయటికి పొడుచుకొచ్చి ఉందండి.

టెక్నీషియన్: అదే అమ్మా. 8 ఆంపియర్లు తట్టుకునే బటన్ మీద 10 వేశారు. కాసేపు ఓర్చుకుని, వేడెక్కి, బయటికొచ్చేసింది. అది రాగానే లోపలికి వీధి కరెంటు దారి తెగింది. ఇన్వర్టర్ కరెంటు పోయిందనుకుని బ్యాటరీ మీదికి వెళ్లింది. అక్కడ 700 వాట్లు లాగగలిగే దాని మీద రెండువేల పైచిలుకు పడింది, అందుకే ఓవర్‌లోడ్ కూత. బరువు తీసేశారు కాబట్టి కూత ఆగింది, బటన్ మాత్రం ఎవరో నొక్కేదాకా అలాగే ఉంటుంది. ఇప్పుడు గట్టిగా లోపలికి నొక్కండి.

కాలర్: నొక్కానండి. నిలబడింది... ఆ, మెయిన్స్ వచ్చిందండి!

టెక్నీషియన్: నిలబడింది, మంచిది. కొన్ని మోడళ్లలో బటన్‌కి బదులు గాజు ఫ్యూజో చిన్న ఎంసీబీయో ఉంటుంది, పని అదే. దాన్ని ఎవరైనా లావు వైరుతో కలిపేస్తానంటే ఒప్పుకోవద్దు, అప్పుడు బటన్ బదులు లోపలి రిలే కాలుతుంది. ఎలక్ట్రీషియన్ చేత ఆ రెండు సాకెట్ల ఫేజు వైరు ఇన్వర్టర్ లైన్లోంచి తీయించి మామూలు లైనుకి ఇప్పించండి. అంతదాకా ఇస్త్రీ ఇన్వర్టర్ లైన్లో లేని సాకెట్ దగ్గర చేసుకోండి.

యాంకర్: చివరి కాల్, తెనాలి నుంచి.

కాలర్: సార్, మాది త్రీ ఫేజ్ మీటరు. ఇందాక జనగామ ఆయనకి చెప్పారు కదా, నేనూ యూపీఎస్ నుంచి నార్మల్‌కి మారుద్దామని అడుగుతున్నా. గంట నుంచి మాది బ్యాటరీ మీదే ఉంది. డిస్‌ప్లేలో 275 చూపిస్తోంది.

టెక్నీషియన్: ఆగండి, ఆ స్విచ్ ముట్టుకోవద్దు! ఇన్వర్టర్ లైన్లో లేని లైట్లు ఎలా వెలుగుతున్నాయి?

కాలర్: బయట వరండాలో బల్బు మరీ తెల్లగా మండుతోందండి. వెనక గదిలో మాత్రం గుడ్డిగా ఉంది.

టెక్నీషియన్: ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ అంటే మూడు ఫేజులకీ ఉమ్మడిగా ఉండే న్యూట్రల్ వైరు వదులైనట్టు, లేదా తెగినట్టు. మీ ఇన్వర్టర్ ఇప్పుడు సరైన పనే చేస్తోంది, 275 నుంచి మీ ఫ్యాన్లని కాపాడుతోంది. మీరు నార్మల్‌లో పెడితే 290 దాకా ఒప్పుకుని ఆ 275ని నేరుగా టీవీకి పంపిస్తుంది. ముందు ఇంటి మెయిన్ ఆపేయండి, ఫోన్ పెట్టకముందే.

కాలర్: మా అబ్బాయి ఆపాడు సార్.

టెక్నీషియన్: మంచిది. ఫ్రిజ్, ఏసీ, మోటారు అన్నీ స్విచ్ ఆఫ్ చేయండి. 1912కి ఫోన్ చేసి న్యూట్రల్ పోయిందని ఆ మాటే చెప్పండి, ఊరికే వోల్టేజి సమస్య అంటే తర్వాత చూద్దామంటారు. లైన్‌మన్ వచ్చాక ఇన్వర్టర్ కూడా పూర్తిగా ఆపి, మా ఇంట్లో ఇన్వర్టర్ ఉందని ఆయనకి చెప్పండి. మెయిన్ ఆపినా అది వైర్లలోకి 230 వోల్టులు పంపుతూనే ఉంటుంది.