పేరు మార్చినా సరిపోయే వాక్యం

అందరికీ నమస్కారం. పండగ సందేశం రాయడం గురించి కాదు, రాసిన దాన్ని సవరించడం గురించి ఈ పూట మాట్లాడుకుందాం. చిత్తుప్రతి చాలామంది బాగానే రాస్తారు. పంపే ముందు కత్తెర వేయరు, చిక్కంతా అక్కడే.

ఒక చిత్తు చూడండి. పిన్నికి పంపాల్సిన సందేశం ఇది:

"మీకు మరియు మీ కుటుంబ సభ్యులందరికీ పండుగ పర్వదిన శుభాకాంక్షలు. ఈ పండుగ మీ జీవితంలో కొత్త వెలుగులు నింపాలని, ఆయురారోగ్యాలు, అష్టైశ్వర్యాలు ప్రసాదించాలని ఆ భగవంతుణ్ణి మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను."

ఇందులో తప్పు మాట ఒక్కటీ లేదు. కానీ ఒక్కో వాక్యం కింద వేలు పెట్టి, పిన్ని బదులు ఆఫీసులో పై అధికారిని ఊహించుకోండి. సరిపోతుందా? సరిపోతుంది. ఇంటి యజమానిని ఊహించుకోండి. వాళ్లకీ సరిపోతుంది. ఎవరికైనా సరిపోయిందంటే అది పిన్ని కోసం రాసింది కాదు. అలాంటి ప్రతి ముక్క కిందా గీత గీయండి. ఈ చిత్తులో మొదటి మాట నుంచి చివరి మాట దాకా గీతే పడుతుంది.

గీత పడగానే కొట్టేయకండి, కాస్త ఆగండి. అరిగిన మాట కూడా ఒకప్పుడు ఏదో అర్థంతో పుట్టిందే. "ఆయురారోగ్యాలు" దగ్గర ఆగి, ఈ మనిషి విషయంలో ఆరోగ్యమంటే ఏమిటని అడగండి. పిన్నికి రెండు నెలల కిందట మోకాలి ఆపరేషన్ అయింది అనుకుందాం. అయితే ఇక్కడ ఆరోగ్యం అంటే మోకాలు. ఆ మాట తీసి మోకాలు పెట్టాలి. "కుటుంబ సభ్యులందరికీ" అంటే ఎవరు? ఆ ఇంట్లో ఉన్నది బాబాయి ఒక్కడే. అయితే బాబాయి అనే రాయండి. "అష్టైశ్వర్యాలు", "కొత్త వెలుగులు" దగ్గరా ఇదే ప్రశ్న వేయండి. జవాబు రాదు. జవాబు రానివాటిని మాత్రమే కొట్టేయాలి.

తర్వాత పిలుపు. ఎదురుపడితే "నువ్వు" అనే పిన్నిని సందేశంలో "మీరు" అన్నామంటే, అది ఎక్కడి నుంచో తెచ్చిన వాక్యమని ఆవిడకు మొదటి మాటలోనే తెలిసిపోతుంది. "మరియు" కూడా అంతే. మాట్లాడేటప్పుడు దాదాపు ఎవరమూ వాడం. "పిన్నికీ బాబాయికీ" అని దీర్ఘం తీస్తే చాలు. "పర్వదినం" అన్నా పండగే కాబట్టి ఆ రెండూ పక్కపక్కన అక్కర్లేదు. ఇవి కంటికి అంత తేలిగ్గా దొరకవు. ఫోన్లో చెబుతున్నట్టు పైకి చదివితే, నోరు తడబడిన చోట దొరుకుతాయి.

సవరించాక ఇలా వస్తుంది:

"పిన్నీ, నీకూ బాబాయికీ పండగ శుభాకాంక్షలు. వాకర్ పక్కన పెట్టేశావని బాబాయి చెప్పాడు, చాలా సంతోషం వేసింది. మెట్లు ఎక్కగలుగుతున్నావా? పండగ పనులన్నీ నెత్తిన వేసుకోకు. ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తాను."

"శుభాకాంక్షలు" అలాగే ఉంచాం, గమనించారా? అది పలకరింపు. ఒక్కసారి ఉంటే అరుగుదల అనిపించదు, మొత్తానికే తీసేస్తే పండగ ఊసే లేని కబురు అవుతుంది. ఎక్కువమంది పొరబడే చోటు ఇంకొకటి ఉంది. పాత మాట తీసి దాని చోట కవిత్వం పెడతారు. "వెలుగులు" పోయి "వెన్నెల జల్లులు" వస్తాయి. పిన్నితో ఏనాడూ అలా మాట్లాడని మనిషి అలా రాస్తే, అదీ ఎవరో రాసిందే అనిపిస్తుంది.

వాట్సాప్‌లో కాపీ చేసి అతికిస్తే "ఫార్వర్డ్" అన్న గుర్తు పడదు, నిజమే. కానీ జాడలు మిగులుతాయి. రెండు చివర్లా వరసగా గులాబీలు, చేతులు జోడించిన బొమ్మలు ఉంటాయి. మాటలకు అటూ ఇటూ పెట్టిన నక్షత్రం గుర్తులు వాట్సాప్‌లో అక్షరాలను లావుగా చేస్తాయి. అదే మామూలు ఎస్సెమ్మెస్‌లో అతికిస్తే నక్షత్రాలు నక్షత్రాల్లాగే కనిపించే అవకాశం ఎక్కువ. పంపే ముందు వాటినీ ఏరేయండి.

అరవై మందికి పంపాలంటే ఇంత పని కుదరదు, కుదరనక్కర్లేదు కూడా. అంతగా పరిచయం లేనివాళ్లకు పేరు పెట్టి "పండగ శుభాకాంక్షలండీ" అని ఒక్క ముక్క చాలు. అది పొట్టిగా ఉన్నా మన మాటలాగే ఉంటుంది. ఫార్వర్డ్ వాసన వేసేది పొడుగాటి అలంకారమే.

ఒక్క చోట మాత్రం, ఎంత తొందరలో ఉన్నా పేరు పేరునా చూసుకోండి. ఏడాది లోపల మనిషి పోయిన ఇల్లు. "మీ ఇంట సంతోషాలు వెల్లివిరియాలి" అన్న వాక్యం అందరితో పాటు ఆ ఇంటికీ వెళ్లిపోతే, చదివేవాళ్ల మనసు చివుక్కుమంటుంది. చాలా ఇళ్లలో ఆ ఏడు పండగే చేసుకోరు. అక్కడ శుభాకాంక్షలు కూడా తీసేసి, "అత్తయ్యా, ఈ పూట మీరే గుర్తొస్తున్నారు. రేపు ఇంటికి వస్తాను" అని రాయండి.