వెళ్లిపోతున్న సీనియర్‌కు రాసే ఉత్తరం

అందరికీ నమస్కారం.

రాజీనామా చేసిన సీనియర్ ఉద్యోగికి మనం ఇచ్చే ఉత్తరంలో ఎప్పుడూ తికమక పెట్టే షరతులు రెండు. ఒకటి గార్డెన్ లీవ్, రెండోది నాన్ సొలిసిటేషన్. చాలా ఆఫీసుల్లో అగ్రిమెంటులోని పేరాలను ఉన్నవి ఉన్నట్టు తెచ్చి ఉత్తరంలో దించేస్తారు. అది చదివిన మనిషికి ఇకపై తాను ఎక్కడా పని చేయకూడదేమోనన్న భయమే మిగులుతుంది. నిజానికి ఆ షరతులు అంత మాట చెప్పవు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అమ్మకాల విభాగం అధిపతి మార్చి 31న రాజీనామా ఇచ్చారు. నోటీసు గడువు 3 నెలలు. కంపెనీ ఆయన్ను ఏప్రిల్ 1 నుంచి జూన్ 30 దాకా గార్డెన్ లీవ్‌లో పెట్టింది. అంటే ఆఫీసుకు రానక్కర్లేదు, కానీ ఉద్యోగం అలాగే ఉంది. ధరల గురించి, రాబోయే టెండర్ల గురించి ఆయనకు తెలిసిన సంగతులు ఈలోగా పాతబడతాయి. ఆయన స్థానంలో వచ్చినవారికి క్లయింట్లతో పరిచయం కుదురుతుంది. కంపెనీకి కావలసింది అంతే.

దాన్ని ఉత్తరంలో ఇలా రాయవచ్చు: "జూన్ 30 వరకు మీరు మా ఉద్యోగే. జీతం, బీమా మామూలుగా అందుతాయి. ఈ మూడు నెలల్లో మరో కంపెనీలో చేరకూడదు, జీతం లేకుండా సలహాలివ్వడం కూడా కుదరదు. పని అప్పగింత గురించి మేం అడిగితే ఫోనులో జవాబు చెప్పాలి. జూలై 1 నుంచి మీకు నచ్చిన చోట చేరవచ్చు." ఆ చివరి వాక్యం రాయడానికి చాలామంది జంకుతారు. అగ్రిమెంటులో పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు విడిగా లేకపోతే అది రాసి తీరాలి. చదివే మనిషి వెతికేది ఆ వాక్యం కోసమే.

ఉత్తరం రాసే ముందు అగ్రిమెంటు తెరిచి, గార్డెన్ లీవ్‌లో పెట్టే హక్కు కంపెనీకి ఉందో లేదో చూడండి. 1998లో బ్రిటన్‌లో పందేల వ్యాపారం చేసే విలియం హిల్ కంపెనీ ఒక సీనియర్ డీలర్‌ను అలా ఇంట్లో కూర్చోబెట్టబోయింది. ఆయన అగ్రిమెంటులో ఆ క్లాజు లేదు. అలాంటి ప్రత్యేక నైపుణ్యమున్న ఉద్యోగంలో పని చేసే హక్కు కూడా ఆయనకు ఉంటుందని అప్పీలు కోర్టు కంపెనీ కోరికను తోసిపుచ్చింది. అగ్రిమెంటులో లేని హక్కు ఉత్తరంలో రాసినంత మాత్రాన పుట్టదు.

ఇక నాన్ సొలిసిటేషన్. ఇది ఉద్యోగం పోయాక పనిచేసే షరతు. మన ఉదాహరణలో గడువు 6 నెలలు. పాత క్లయింట్లను తనంతట తాను వెళ్లి, "నా వెంట రండి" అని అడగకూడదు. పాత టీమువాళ్లను లాక్కుపోకూడదు. క్లయింటంటే కంపెనీకి ఉన్న ప్రతి క్లయింటూ కాదు. మంచి అగ్రిమెంటులో చివరి 12 నెలల్లో ఆయన స్వయంగా వ్యవహరించినవారనే ఉంటుంది. ఉత్తరంలో వారి పేర్లే రాసేస్తే మేలని నా అభిప్రాయం. ఆయనకు ఎలాగూ తెలిసిన పేర్లే కదా.

గొడవలు మొదలయ్యేది ఇక్కడే. కొత్త ఉద్యోగంలో చేరానని లింక్డ్ఇన్‌లో అందరికీ కనిపించేలా ఒక మాట పెట్టడం సాధారణంగా సొలిసిటేషన్ కాదు. అదే వార్తను పాత క్లయింటుకు విడిగా మెసేజ్ పంపి, "ఒకసారి కలుద్దాం" అంటే దాదాపుగా అవుతుంది. క్లయింటే ఫోన్ చేస్తే? అగ్రిమెంటులో అడగకూడదని మాత్రమే ఉంటే ఆయన మాట్లాడవచ్చు. వ్యాపారమే చేయకూడదంటే ఆ షరతు అగ్రిమెంటులో విడిగా ఉండాలి. ఈ తేడాను ఉత్తరం దాచకూడదు.

తేదీల దగ్గర కూడా పొరపాట్లు జరుగుతాయి. ఆరు నెలలు ఎప్పటి నుంచి? జూలై 1 నుంచి లెక్కిస్తే డిసెంబరు 31 వస్తుంది. గార్డెన్ లీవ్‌లో గడిచిన మూడు నెలలను మినహాయించాలని అగ్రిమెంటులో ఉంటే సెప్టెంబరు 30తో అయిపోతుంది. "ఆరు నెలలు" అని రాసి వదిలేయకుండా చివరి తేదీని అంకెల్లో వేయండి. ఈ షరతు కోర్టులో ఎంతవరకు నిలుస్తుందన్నది దేశాన్నిబట్టి మారుతుంది. కాబట్టి అక్కడి లాయరుకు చూపించాకే సంతకం పెట్టండి.

ఉత్తరం అడుగున ఒక మనిషి పేరు, ఫోను నంబరు ఇవ్వండి. ఫలానా క్లయింటును కలవవచ్చా అని ఆయన అడిగితే అవునో కాదో రాతపూర్వకంగా చెప్పండి. ఆ జవాబు కాపీని ఆయన ఫైల్లో ఉంచండి.