బ్లీచ్ వాష్ కిట్ రివ్యూ: డై వేసిన నల్లటి జుట్టు కాస్త తేలికపడాలంటే

అందరికీ నమస్కారం అండి. బ్లీచ్ వాష్ అంటే బ్లీచ్ పౌడర్‌లో పెరాక్సైడ్ ఉన్న డెవలపర్, షాంపూ కలిపి తడి జుట్టుకు పెట్టి, రంగు కాస్త తేలాక కడిగేయడం. ఈ కిట్ కంపెనీ వాళ్లు నాకు ఉచితంగా పంపారు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నా. డబ్బులైతే తీసుకోలేదు. లోపల ఉన్నవి ఇవి: బ్లీచ్ పౌడర్ 30 గ్రాములు, 20 వాల్యూమ్ డెవలపర్ 60 మిల్లీలీటర్లు, షాంపూ 30 మిల్లీలీటర్లు, గ్లవ్స్, ఒక ప్లాస్టిక్ క్యాప్. ఆ క్యాప్ మీద నాకు చాలా కోపంగా ఉంది, దాని దగ్గరికి వస్తాను.

పరీక్ష మా వదిన జుట్టు మీద చేశాం. ఆవిడ చాన్నాళ్లుగా ఇంట్లోనే నల్ల డై వేసుకుంటున్నారు. వేసిన ప్రతిసారీ కుదుళ్ల నుంచి చివర్ల దాకా పట్టించేవారు. అలా రంగు మీద రంగు పేరుకుని కింది సగం బొగ్గు నలుపైపోయింది, ఎండలో కూడా మెరుపు లేదు. "బ్రౌన్ అక్కర్లేదమ్మా, ఈ నలుపు కాస్త విరిగితే చాలు" అన్నారు. బ్లీచ్ వాష్ సరిగ్గా ఇలాంటి పనికే.

ఇందులో ఉన్నది మామూలు బ్లీచే. షాంపూ కలపడం వల్ల, తడి జుట్టు మీద వేయడం వల్ల దాని జోరు తగ్గుతుంది, అంతే. డెవలపర్‌లో పెరాక్సైడ్ 6 శాతం ఉంటుంది. షాంపూ కలిశాక, జుట్టులో ఉన్న నీళ్లు కూడా తోడయ్యాక అది ఇంకా పలచబడుతుంది. అందుకే జుట్టు ఎంత తడిగా ఉందన్నది ముఖ్యం. టవల్‌తో గట్టిగా ఒత్తాక నీళ్లు కారకూడదు, కానీ చేతికి చెమ్మ తగలాలి. కారుతుంటే మందు మెడ మీదికి జారిపోతుంది, ఒకచోట తేలి ఒకచోట తేలక మచ్చలు పడతాయి.

కిట్‌లో నాకు బాగా నచ్చింది షాంపూ. కండిషనర్ లేని, పారదర్శకంగా ఉండే షాంపూ ఇచ్చారు. ఇంతకుముందు వాడిన ఇంకో కిట్‌లో క్రీమ్ షాంపూ వచ్చింది, అది జుట్టు మీద పొరలా కూర్చుని రంగు సమానంగా కదల్లేదు.

ఇక క్యాప్. "మందు పెట్టి, క్యాప్ వేసి, 20 నిమిషాలు ఉంచండి" అని కాగితంలో రాశారు. బ్లీచ్ వాష్‌లో భద్రత అంతా కళ్లతో చూస్తూ ఉండడంలోనే ఉందండీ! క్యాప్ వేస్తే లోపల వేడి పెరిగి పని వేగంగా జరుగుతుంది, ఏం జరుగుతోందో మనకు కనిపించదు. మేము క్యాప్ వేయలేదు. మందు మొదట చివర్లకు, తర్వాత మధ్యకు పెట్టాం. కుదుళ్ల దగ్గర డై లేని సొంత జుట్టు వచ్చింది కాబట్టి అక్కడ అసలు ముట్టుకోలేదు. అక్కడ పెడితే తల వేడికి త్వరగా తేలిపోయి, కింద నలుపు, పైన నారింజ అవుతుంది.

రెండేసి నిమిషాలకు ఒక పాయ తడిబట్టతో తుడిచి, కాస్త ఆరబెట్టి చూశాం. తడి జుట్టు ఎప్పుడూ అసలు కంటే ముదురుగా కనిపిస్తుంది కదా. మొదట ఏ మార్పూ లేదు. ఆరో నిమిషానికి నలుపులోంచి ఎరుపు తొంగి చూసింది. పదో నిమిషానికి ముదురు ఎర్ర గోధుమ రంగు వచ్చింది, వెంటనే కడిగేశాం. ఇంకాసేపు ఉంచితే నారింజ వైపు పోతుంది. ఆ ఎరుపు వద్దనుకుంటే తర్వాత యాష్ బ్రౌన్ టోనర్ వేసుకోవచ్చు. వదినకి ఎండలో కనిపించే ఆ ఎరుపే నచ్చింది.

పాయ తుడిచినప్పుడల్లా చివర పట్టి మెల్లగా లాగి చూడండి. రబ్బరులా సాగి వెనక్కి రాకపోతే టైమ్ చూడకుండా ఆపి కడిగేయాలి.

మెహందీ వాడేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. నల్ల మెహందీ పొడుల్లో కొన్నిటికి లోహ లవణాలు కలుపుతారు. అవి పెరాక్సైడ్‌తో కలిస్తే జుట్టు వేడెక్కి విరిగిపోవచ్చు. ఇండిగో ఉంటే పచ్చగా తిరగొచ్చు. దువ్వెనకు రాలిన జుట్టు మీద ముందు పరీక్షించండి, వేడి గానీ పొగ గానీ వస్తే కిట్ పక్కన పెట్టేయండి. ఆస్తమా ఉన్నవాళ్లకు ఈ పౌడర్ ధూళి పడదు. కాలువల్లో చల్లే బ్లీచింగ్ పౌడర్ మాత్రం వేరే వస్తువు, దాన్ని తలకు తాకించకండి.

నా మాట: కొనండి, క్యాప్ పారేయండి. నడుం దాకా జుట్టుంటే ఒక కిట్ చాలదు, రెండు కావాలి. మిగిలిన మిశ్రమాన్ని సీసాలో పోసి మూత బిగించొద్దు, గ్యాస్ పుట్టి పగిలిపోతుంది. నీళ్లు బాగా వదిలి సింక్‌లో పోసేయండి.