ఆ మూడు కడ్డీలు ఏం చెబుతున్నాయి?

నమస్కారం. వెబ్ పేజీలో బొమ్మలకి ఆల్ట్, అంటే చూపు లేనివాళ్లకి బొమ్మ బదులు వినిపించే మాటలు, ఎలా రాయాలో చెప్పడానికి ఇవాళ ఎక్కువగా ఒక్క బార్ చార్ట్ గురించే మాట్లాడతాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత మీద మేం వేసిన వ్యాసంలో ఉందది. జనాభా లెక్కల ప్రకారం 1991లో 44.09 శాతం, 2001లో 60.47, 2011లో 67.02. మూడే కడ్డీలు. చూపున్నవాళ్లకి క్షణం పని.

చూపు లేని మా పాఠకుడొకాయన నా పక్కన కూర్చుని, తెర మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్‌తో ఆ వ్యాసం విన్నారు. చార్ట్ దగ్గరికి రాగానే అది "గ్రాఫిక్, అక్షరాస్యత చార్ట్" అని చెప్పి తర్వాతి పేరాలోకి వెళ్లిపోయింది. "పెళ్లికి పిలిచి భోజనం పెట్టనట్టుందండీ" అని నవ్వారాయన. ఆల్ట్ ఖాళీగా లేదు కదా, మా చెకింగ్ టూల్ మాత్రం పాస్ చేసేసింది. ఏదో ఒకటి రాశామా లేదా అన్నదే దానికి తెలుస్తుంది.

మర్నాడు నేను అత్యుత్సాహంతో అన్నీ రాశాను. మూడు నీలం కడ్డీలు, అడుగున సంవత్సరాలు, ఎడమ పక్కన సున్నా నుంచి వంద దాకా శాతాలు... ఆయన సగంలోనే కంట్రోల్ కీ నొక్కి దాని నోరు మూయించారు.

అప్పుడు అడగాల్సిన ప్రశ్న అడుక్కున్నాను: అసలు ఈ చార్ట్ ఎందుకు పెట్టాం? తొంభైలలో దూకుడుగా పెరిగిన అక్షరాస్యత ఆ తర్వాత నెమ్మదించిందని చూపించడానికి. అదే రాశాను.

```html
<img src="literacy.png" alt="బార్ చార్ట్: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 1991లో 44 శాతం, 2001లో 60, 2011లో 67. మొదటి పదేళ్లలో 16 పాయింట్లు పెరిగితే, తర్వాతి పదేళ్లలో 7 మాత్రమే.">
```

ఈసారి ఆయన చివరిదాకా విని, "2001 తర్వాత ఎందుకు మందగించింది?" అని అడిగారు.

మూడు అంకెలు కాబట్టి ఇందులో ఇమిడాయి. అప్పటి 23 జిల్లాల అంకెలూ ఇవ్వాలంటే కుదరదు. ఆల్ట్‌లో వరుసలు, గడులు ఉండవు, స్క్రీన్ రీడర్ అంతా ఏకబిగిన చదివేస్తుంది. అలాంటప్పుడు ఆల్ట్‌లో ముఖ్యమైన సంగతి ఒకటి చెప్పి, "జిల్లాల అంకెలు కింది పట్టికలో" అని రాసి, నిజంగానే పట్టిక పెట్టండి. పట్టికలో కంట్రోల్, ఆల్ట్ కీలు పట్టుకుని బాణం కీలతో గడి గడికీ వెళ్లొచ్చు. కావలసిన జిల్లా దగ్గర ఆగొచ్చు.

ఫోటోకైనా అడగాల్సింది ఆ ప్రశ్నే. సిరా గుర్తు చూపిస్తున్న అవ్వ ఫోటో ఉందనుకోండి. ఎండలోనూ జనం ఓటేశారన్న వార్తకి "పోలింగ్ కేంద్రం బయట ఎండలో నిలబడి, సిరా గుర్తున్న వేలు చూపిస్తున్న వృద్ధురాలు" అంటే సరిపోతుంది. సిరా గురించిన వ్యాసమైతే, ఆ గుర్తు ఎడమ చూపుడు వేలి గోరు మీద నుంచి చర్మం దాకా ఉందని చెప్పాలి. ఎండ సంగతి అక్కడ అనవసరం. "ఫోటో" అని మొదలుపెట్టక్కర్లేదు, గ్రాఫిక్ అని స్క్రీన్ రీడరే చెబుతుంది. బార్ చార్టో మ్యాపో మాత్రం మనమే చెప్పాలి.

అందం కోసం పెట్టిన అంచులకి, పువ్వులకి `alt=""` అని ఖాళీగా ఇవ్వండి, వాటిని దాటేస్తుంది. అసలు `alt` అన్నదే తీసేశారో, ఆ బొమ్మకి లింక్ కూడా ఉంటే, కొన్నిసార్లు ఫైలు పేరంతా చదివి వినిపిస్తుంది.