పాత ఫోను అమ్మే ముందు: ఉచితంగా వచ్చిన ఎరేజర్ సాఫ్ట్‌వేర్ అవసరమా?

నమస్కారం. ఈ రోజు సమీక్షించే ఎరేజర్ సాఫ్ట్‌వేర్‌ను దాని తయారీ సంస్థ ఏడాది లైసెన్సుతో నాకు ఉచితంగా పంపిందని ముందే చెబుతున్నాను. నేను డబ్బు తీసుకోలేదు, వీడియోను ముందుగా వారికి చూపించనూ లేదు. ధర, ఫీచర్లు మీరు వేరే చోట చూసే ఉంటారు కనుక వాటి జోలికి వెళ్లను. పాత ఆండ్రాయిడ్ ఫోను అమ్మేటప్పుడు మనకు కావలసిన వాట్సాప్ సందేశాలు పోకుండా, కొన్నవారి కంట పడకుండా చేయడంలో ఇది ఎంతవరకు ఉపయోగపడిందన్నదే నా ప్రశ్న.

నేను అమ్మదలచిన ఫోను నాలుగేళ్లది. మా ఊళ్లో ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీతో నడిచిన సంభాషణ అంతా అందులోనే ఉంది: స్లాబుకు వాడిన ఇనుము కొలతలు, గోడల్లో పైపులు ఎటు వెళ్లాయో చూపే ఫోటోలు, సిమెంటు బిల్లులు, ఆయన పంపిన వాయిస్ మెసేజ్‌లు. గోడకు మేకు కొట్టాలన్నా ఇప్పటికీ ఆ ఫోటోలే తీసి చూస్తాం. కాబట్టి అవి కొత్త ఫోనులోకి రావాలి, పాత ఫోనులో మిగలకూడదు.

సాఫ్ట్‌వేర్‌ను ల్యాప్‌టాప్‌లో వేసి, ఫోనులో USB debugging ఆన్ చేసి, కేబుల్ కలిపాను. అది సందేశాలను భద్రంగా తీసిపెట్టామని చెప్పింది. ఎక్కడ పెట్టిందో చూద్దామని ల్యాప్‌టాప్‌లోని ఫోల్డరు తెరిస్తే, మేస్త్రీతో మాట్లాడినదంతా బ్రౌజరులో తెరుచుకునే పేజీగా, ఏ పాస్‌వర్డూ లేకుండా కనిపించింది. పరాయివారు చదవకుండా చేస్తానని వచ్చిన సాఫ్ట్‌వేర్, ఎవరైనా చదవగల మరో నకలును తయారుచేసి పెట్టిందన్నమాట. పైగా ఆ పేజీలను తిరిగి వాట్సాప్‌లోకి ఎక్కించే వీలు కూడా లేదు. వాట్సాప్‌లోనే ఉన్న Export chat తో వచ్చే టెక్స్ట్ ఫైలుదీ ఇదే పరిస్థితి. అది చదువుకోవడానికే తప్ప తిరిగి చాట్‌గా మారదు. దానిని మెయిల్‌లోనో డౌన్‌లోడ్స్‌లోనో వదిలేస్తే ఎవరైనా చదవవచ్చు.

ఇక ఆ సంస్థ ఎక్కువగా చెప్పుకునే ‘పలుమార్లు చెరిపివేత’ సంగతికి వద్దాం. ఈ భయానికి ఒకప్పుడు ఆధారం ఉండేది. 2015లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 21 పాత ఆండ్రాయిడ్ ఫోన్లను పరీక్షించి, రీసెట్ చేసిన తరువాత కూడా సందేశాలు, లాగిన్ వివరాలు తిరిగి తీయగలిగారు. అవి ఆండ్రాయిడ్ 2.3 నుంచి 4.3 వరకు ఉన్న ఫోన్లు. ఆ తరువాత పరిస్థితి మారింది. ఆండ్రాయిడ్ 10తో విడుదలైన ఫోన్ల నుంచి ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి అయింది, అంతకుముందువాటిలో కూడా చాలావాటికి అది ఉంది. అటువంటి ఫోనులో మన సమాచారమంతా ఒక తాళంచెవి ఉంటేనే చదవగలిగే రూపంలో ఉంటుంది. రీసెట్ చేసినప్పుడు ఆ తాళంచెవే నాశనమవుతుంది కనుక, చిప్పులో ఏవైనా ముక్కలు మిగిలినా అవి ఎవరికీ అర్థం కావు. ఖాళీ జాగా మీద పిచ్చిరాతలు రాసే పద్ధతి హార్డ్ డిస్కుల కాలం నాటిది. ఫోనులోని ఫ్లాష్ మెమరీ ఒకే చోట మళ్లీ రాయమంటే లోలోపల మరో చోట రాస్తుంది కాబట్టి, ఎన్నిసార్లు రాసినా పాతది చెరిగిందన్న హామీ లేదు. సెట్టింగ్స్‌లోని సెక్యూరిటీ విభాగంలో Encryption దగ్గర Encrypted అని ఉంటే ఈ సాఫ్ట్‌వేర్‌తో పని లేదు. లేకపోతే ముందు ఎన్‌క్రిప్ట్ చేసి, ఆ తరువాతే రీసెట్ చేయాలి.

అయితే వాట్సాప్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేస్తే చాలదా అని అడిగేవారున్నారు. నేనూ అలాగే అనుకుని ఇంతకుముందు వాడిన ఫోనును బావమరిదికి ఇచ్చాను. ఆయన ఫైల్స్ యాప్‌లో `Android/media/com.whatsapp/WhatsApp/Media` తెరిచేసరికి, `PTT-20210614-WA0007.opus` వంటి పేర్లతో నా వాయిస్ మెసేజ్‌లు వరుసగా కనిపించాయట, నొక్కితే మోగాయట. సందేశాల డేటాబేసు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కానీ ఫోటోలు, వాయిస్ మెసేజ్‌లు ఆ ఫోల్డరులో మామూలు ఫైళ్లుగానే ఉంటాయి. బావమరిది కాబట్టి నవ్వి ఊరుకున్నాడు.

నాకు నిజంగా నచ్చినది 2023లో వాట్సాప్ తెచ్చిన Transfer chats. పాత ఫోనులో Settings, Chats, Transfer chats అని వెళ్లి, కొత్త ఫోనులో అదే నంబరుతో నమోదై, అక్కడ కనిపించే క్యూఆర్ కోడ్‌ను పాత ఫోనుతో స్కాన్ చేయాలి. రెండు ఫోన్లలోనూ వై-ఫై, లొకేషన్ ఆన్‌లో ఉండి, రెండూ పక్కపక్కనే ఉంటే సమాచారం క్లౌడ్‌కు వెళ్లకుండా నేరుగా చేరుతుంది. నా 18 జీబీ గంటకు పైగా పట్టింది. మొదటిసారి స్క్రీను ఆగిపోయి మధ్యలో తెగితే, ఛార్జరు పెట్టి మళ్లీ మొదలుపెట్టాను. ఇది పాతదాని నుంచి తీసేయడం కాదు, నకలు పంపడమే కాబట్టి పాత ఫోనులో అన్నీ అలాగే ఉంటాయి.

ఇందులో ఉన్న చిక్కల్లా ఇంటి గుమ్మం దగ్గర జరిగే ఎక్స్‌ఛేంజే. కొత్త ఫోను తెచ్చిన కుర్రవాడు పాతది రీసెట్ చేసి ఇవ్వమంటాడు, గంటసేపు కూర్చోమంటే కూర్చోడు. అందువల్ల ఎక్స్‌ఛేంజ్ పెట్టినవారు ముందురోజు రాత్రే గూగుల్ డ్రైవ్‌కు బ్యాకప్ తీసుకోవాలి. వీడియోలు కావాలంటే Include videos ఆన్ చేయాలి, End-to-end encrypted backup పెట్టుకోవాలి. ఆ పాస్‌వర్డు లేదా 64 అంకెల కీ పోతే వాట్సాప్ కూడా తిరిగి ఇవ్వలేదు. దానిని స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోనులో ఉంచినవారిని చూశాను, రీసెట్‌తో స్క్రీన్‌షాటూ పోయింది. కాగితం మీద రాసి పెట్టుకోండి.

రీసెట్‌కు ముందు కొత్త ఫోనులో అన్నిటికన్నా పాత సంభాషణ తెరిచి, ఒక వాయిస్ మెసేజ్ వినండి, ఒక ఫోటోను పెద్దది చేయండి. ఫోటో మసకగా ఉండిపోతే మీడియా ఇంకా రాలేదని అర్థం. నేను పైపుల ఫోటో తెరిచి గోడ పక్కన పెట్టి చూశాను, సరిపోయింది. పాత ఫోనులో Delete account మాత్రం నొక్కకండి. అది ఆ ఫోనును శుభ్రం చేసే బటను కాదు, మీ ఖాతానే తొలగిస్తుంది, గూగుల్ బ్యాకప్ కూడా పోతుంది.

ఆ తరువాత సిమ్, మెమరీ కార్డు తీసేయాలి, ఎందుకంటే మామూలు రీసెట్ కార్డును తాకదు. సెట్టింగ్స్‌లో గూగుల్ ఖాతాను తొలగించి, Erase all data నొక్కాలి.

ఎరేజర్‌కు నా సిఫార్సు లేదు. ఆ ల్యాప్‌టాప్ ఫోల్డరును తొలగించడానికి నేను పడిన శ్రమే ఈ తీర్పుకు కారణమని ఒప్పుకుంటాను. రీసెట్ అయ్యాక నేను వై-ఫై కలిపి రెండు స్క్రీన్లు ముందుకు వెళ్లి చూశాను. పాత గూగుల్ ఖాతా అడగలేదు. అడిగి ఉంటే లాక్ మిగిలే ఉందని అర్థం, కొన్నవారు సాయంత్రానికి ఫోను చేస్తారు. అక్కడి నుంచి వెనక్కి వచ్చి, స్వాగత స్క్రీను దగ్గర ఆపుచేసి, పెట్టెలో పెట్టి ఇచ్చేశాను.