పక్కటెముక నొప్పి, తొమ్మిది రోజులు

(హన్మకొండలో, రొమ్ము క్యాన్సర్ చికిత్స ముగించుకున్న మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న డాక్టరమ్మలకు, హాలు ఇచ్చిన సంఘం అక్కలకు, పొద్దున్నే బస్సులెక్కి పరకాల నుంచి, జనగామ నుంచి, నర్సంపేట నుంచి వచ్చిన మీ అందరికీ నమస్కారం. ఇంకా పేర్లు చెప్పాల్సిన పెద్దలు ఉన్నారు, వాళ్లు ఏమీ అనుకోవద్దు, నాకు ఇచ్చింది పదిహేను నిమిషాలే. "అందరికీ ధైర్యం చెప్పమ్మా" అని పిలిచారు. నేను మాత్రం నా పక్కటెముక గురించి చెప్తాను. ఆ ఎముక నొప్పి వల్ల నేను నేర్చుకున్నది, చికిత్స అయిపోయిన రోజునే ఎవరైనా నాకు చెప్పి ఉంటే చాలా బాగుండేది.

నేను హన్మకొండలో ఇరవై ఆరేళ్లుగా బట్టలు కుడుతున్నాను. 2018 ఫిబ్రవరిలో ఎడమ రొమ్ము తీసేశారు, చంకలో 14 లింఫ్ గడ్డలు తీస్తే మూడింటిలో క్యాన్సర్ ఉంది. తర్వాత ఎనిమిది కీమోలు, మొదటి నాలుగు ఎర్ర మందు, తర్వాతి నాలుగు పాక్లిటాక్సెల్. ఆ తర్వాత ఛాతీకి 15 రోజులు రేడియేషన్, నవంబర్ నుంచి రోజుకొక లెట్రోజోల్ మాత్ర. చివరి రోజున ఒక కాగితం ఇచ్చి "మూడు నెలలకోసారి రండి" అన్నారు. దేనికి రావాలి, వస్తే ఏం చూస్తారు, ఇంట్లో నేను ఏం గమనించాలి, ఆ కాగితంలో ఒక్క ముక్క లేదు. ఆసుపత్రి పేరు చెప్పను, అక్కడ నా ప్రాణం నిలబెట్టారు, ఆ కృతజ్ఞత నాకు ఎప్పటికీ ఉంటుంది. కానీ ఆ కాగితం సంగతి చెప్పకుండా ఉండలేను.

ఇక అసలు సంగతి. 2022 సంక్రాంతికి మా పెద్దోడు ఊరి నుంచి వచ్చి, ప్రేమతోనే, ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ ఒకటి చేయించాడు. అందులో రొమ్ము క్యాన్సర్ జాడ చూసే సీఏ 15-3 అనే రక్తపరీక్ష కూడా ఉంది. నాకు 34 వచ్చింది, ఆ ల్యాబ్ హద్దు 30. కాగితంలో ఆ అంకె పక్కన నల్లటి నక్షత్రం గుర్తు. అంతకు ముందు కొన్ని రోజుల నుంచి ఎడమ వైపు, ఆపరేషన్ గీత కింద, ఒకచోట నొప్పి. మిషన్ మీదకి వంగితే కలుక్కుమనేది. అంకె, నొప్పి రెండూ కలిసేసరికి ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. ఎవరో పెట్ స్కాన్ రాశారు. తెల్లారకముందే కాజీపేట వెళ్లి రైలెక్కాం.

పెట్ స్కాన్ చేయించుకున్న వాళ్లకు ఆ గది తెలుసు. ఆరు గంటలు ఏమీ తినకూడదు, షుగర్ చూస్తారు, చేతికి సూది పెట్టి మందు ఎక్కిస్తారు, తర్వాత గంటసేపు దుప్పటి కప్పుకుని పడుకోవాలి. మాట్లాడకూడదు, ఫోన్ చూడకూడదు. ఆ గంటలో నేను నా దశదిన కర్మకు ఎవరెవరు వస్తారో లెక్క పెట్టుకున్నాను. రిపోర్టు సాయంత్రానికి ఫోన్‌కు వచ్చింది. ఎడమ వైపు నాలుగో, ఐదో పక్కటెముకల్లో మందు పట్టింది, మెటాస్టాసిస్, అంటే క్యాన్సర్ అక్కడికి పాకడం, కావచ్చు, మిగతా వివరాలతో పోల్చి చూడాలి అని రాశారు. నేను "కావచ్చు" అన్న మాట చదవలేదు. మా ఆయన కూడా చదవలేదు. డాక్టర్ అపాయింట్‌మెంట్ తొమ్మిది రోజుల తర్వాత దొరికింది. ఆ తొమ్మిది రోజుల్లో నేను కుట్టిన ఒక జాకెట్టుకు ఎడమ చెయ్యిని కుడి చంకకు కుట్టేశాను. ఇరవై ఆరేళ్లలో ఎప్పుడూ అలా జరగలేదు. ఆ జాకెట్టు ఇంకా నా బీరువాలో ఉంది.

డాక్టర్ మేడం కంప్యూటర్ చూడకముందే నన్ను పడుకోబెట్టి ఆ ఎముక మీద ఒక్క వేలు పెట్టి నొక్కింది. నేను అరిచాను. "ఇది ఎప్పుడు మొదలైందమ్మా, ఆ రోజు ఏం జరిగింది?" అని అడిగింది. అప్పటిదాకా నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆలోచిస్తే గుర్తొచ్చింది, డిసెంబర్‌లో రెండు వారాలు దగ్గు, ఒక రాత్రి దగ్గుతుంటే లోపల టక్‌మంది. "పడుకుంటే తగ్గుతుందా, పెరుగుతుందా?" కదలకుండా పడుకుంటే తగ్గుతుంది. "రోజురోజుకూ ఎక్కువవుతోందా?" లేదు, మొదటి వారం కన్నా కొంచెం నయమే. తర్వాత పెట్ స్కాన్‌తో పాటే తీసిన సీటీ బొమ్మల్ని ఎముకలు కనిపించేలా మార్చి నాకు చూపించింది. పక్కపక్క ఎముకల్లో, ఒకే వరుసలో, సన్నని చీలిక గీత. ఆ రెండూ రేడియేషన్ తగిలిన చోటనే ఉన్నాయి. విరిగి అతుక్కుంటున్న ఎముకలో కూడా పెట్ మందు పడుతుంది. ఇన్ఫెక్షన్‌లో పడుతుంది, టీబీ గడ్డల్లో పడుతుంది. అక్కడ ఏదో పని జరుగుతోందని మాత్రమే అది చెప్తుంది, ఏ పని అన్నది చెప్పదు.

సీఏ 15-3 సంగతి కూడా అప్పుడే తెలిసింది. కాలేయం బాగాలేకపోయినా, క్యాన్సర్ కాని రొమ్ము జబ్బులున్నా అది కొంచెం పెరగవచ్చు. నాకు మళ్లీ చేస్తే 28. ఏ బాధా లేని మనిషికి ఆ రక్తపరీక్షలు, పెట్ స్కాన్లు, ఎముకల స్కాన్లు ఊరికే చేయవద్దని పెద్ద డాక్టర్ల సంఘాల మార్గదర్శకాలే చెప్తున్నాయట. 1994లో ఇటలీలో రెండు పెద్ద అధ్యయనాలు వచ్చాయి, ఒక్కోదాంట్లో 1,200 మందికి పైగా మహిళలు. కొందరికి క్రమం తప్పకుండా స్కాన్లు తీశారు, కొందరికి డాక్టర్ పరీక్ష, మామోగ్రామ్ మాత్రమే. స్కాన్లు తీసినవాళ్లు ఎక్కువ కాలం బతకలేదు. ఇది విన్నప్పుడు నాకు కోపం వచ్చింది అక్కా, నా స్కాన్ కోసం చెవి కమ్మలు కుదువ పెట్టాం.

కానీ దీన్ని విని స్కాన్లే వద్దని వెళ్లిపోకండి. నాకు నొప్పి ఉంది కాబట్టి ఆ చోట చూడాల్సిందే. మేడం కూడా "విరిగింది, ఇంటికి పో" అనలేదు. "నాకు ఎముక విరిగిందనే అనిపిస్తోంది, కానీ పూర్తిగా తేల్చేది కాలమే. మూడు నెలలకు మళ్లీ సీటీ తీద్దాం. నొప్పి పెరిగినా, ఎముక పక్కన కండ లాంటిది కనిపించినా ముక్క తీసి పరీక్షకు పంపుదాం" అంది. ఏప్రిల్‌లో తీస్తే చీలిక మీద కొత్త ఎముక కట్టింది.

మరి రెండు వారాల దగ్గుకు ఎముక ఎందుకు విరిగింది? నేను మూడేళ్లకు పైగా వేసుకున్న లెట్రోజోల్ మాత్ర క్యాన్సర్‌ను ఆపుతుంది, అదే సమయంలో ఎముకను గుల్ల చేస్తుంది. ఒంట్లో మిగిలిన కొంచెం ఈస్ట్రోజన్‌ను కూడా తీసేస్తుంది కదా. పైగా రేడియేషన్ తగిలిన ఎముక. అప్పుడు డెక్సా స్కాన్ తీశారు, ఎముక గట్టితనం చూసేది, పది పదిహేను నిమిషాల పని. నా టీ-స్కోరు మైనస్ 2.9. మైనస్ 2.5 కి దిగితేనే ఆస్టియోపొరోసిస్ అంటారు. ఆ మాత్ర మొదలుపెట్టేటప్పుడే ఒకసారి, తర్వాత దాదాపు రెండేళ్లకోసారి తీయాల్సిన స్కాన్ అది. నాకు మూడేళ్లలో ఒక్కసారీ తీయలేదు. పెట్ స్కాన్ రాసినవాళ్లున్నారు, కావాల్సిన డెక్సా రాసినవాళ్లు లేరు. నా ఫిర్యాదు ఇదే, ఎన్ని సభల్లో మైకు ఇచ్చినా ఇదే చెప్తాను. ఇప్పుడు ఆరు నెలలకోసారి జోలెడ్రోనిక్ యాసిడ్ సూది, కాల్షియం, విటమిన్ డి. ఆ సూదికి ముందు పళ్ల డాక్టర్‌కు చూపించుకోవాలి, పన్ను పీకాల్సినవి ఉంటే ముందే పీకించుకోవాలి, లేకపోతే దవడ ఎముకకు ఇబ్బంది రావచ్చు. కిడ్నీ పరీక్ష కూడా చేస్తారు.

నన్ను చాలామంది అడుగుతారు, "నొప్పి వస్తే అదో ఇదో మాకెట్లా తెలుస్తది?" అని. పూర్తిగా మనకు తెలియదు. కానీ మేడం అడిగిన ప్రశ్నలు మనం ఇంట్లోనే వేసుకోవచ్చు. లెట్రోజోల్ కీళ్ల నొప్పులు సాధారణంగా రెండు వైపులా వస్తాయి, వేళ్లు, మోకాళ్లు, పొద్దున లేవగానే బిగుసుకుని కాస్త నడిస్తే సడలుతాయి. ఒకేచోట కూర్చున్న నొప్పి, రాత్రి నిద్ర లేపే నొప్పి, పడుకున్నా తగ్గక వారం వారం పెరిగే నొప్పి, ఇవి వేరు. రెండు మూడు వారాలు చూసి తగ్గకపోతే అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఆగకండి. నడుము నొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా ఆ రాత్రే ఆసుపత్రికి పోవాలి, వెన్నుపూస నరం మీద ఒత్తిడి పడి ఉండవచ్చు, అది గంటల్లో చూడాల్సిన విషయం. ఆపరేషన్ గీత మీద పేలాల్లాంటి ఎర్రటి పొక్కులు, గట్టి గింజలు కనిపిస్తే అలర్జీ అని క్రీమ్ రాసుకుంటూ కూర్చోవద్దు.

చేతి వాపు సంగతి కూడా చెప్పాలి, అది నా వృత్తిలోనే దొరికింది. 2019లో నా జాకెట్టు ఎడమ చెయ్యి బిగుతైంది, కుడిది వదులుగానే ఉంది. టేపు పెట్టి కొలిచాను. మోచేతి మడత నుంచి పైకి 10 సెంటీమీటర్లు, కిందకి 10 సెంటీమీటర్లు గుర్తు పెట్టి రెండు చేతులూ కొలిస్తే పైన రెండు సెంటీమీటర్ల తేడా. చంక గడ్డలు తీసిన వైపు నీరు దిగక వచ్చే వాపు, లింఫెడీమా. తొందరగా పట్టుకున్నాం కాబట్టి వ్యాయామం, బిగుతు తొడుగుతో అదుపులో ఉంది. నెలకోసారి కొలిచి రాసుకుంటాను. ఉన్నట్టుండి పెరిగినా, నొప్పి, ఎరుపు, జ్వరం వచ్చినా లెక్క మారిపోతుంది. ఇన్ఫెక్షన్ కావచ్చు, రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు, చంకలో క్యాన్సర్ మళ్లీ వచ్చి ఉండవచ్చు, డాక్టరే తేల్చాలి. ఎర్ర మందు ఎక్కినవాళ్లకు గుండె బలహీనపడవచ్చు, మెట్లెక్కితే కొత్తగా ఆయాసం వస్తే వయసు అనుకోకుండా ఎకో తీయించుకోండి. టామోక్సిఫెన్ వేసుకునేవాళ్లు నెలసరి ఆగాక మళ్లీ రక్తం కనిపిస్తే ఆ వారమే చూపించుకోండి. మిగిలిన రొమ్ముకు ఏడాదికోసారి మామోగ్రామ్ మానవద్దు.

స్కాన్ టెన్షన్ నాకు పోలేదు. మామోగ్రామ్ వారం దగ్గర పడితే ఇప్పటికీ రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. ఒక్కటి మాత్రం మార్చుకున్నాను. ఏ స్కాన్ రాసినా "ఇది దేని కోసం సార్, ఇందులో ఏం తేలితే మందు మారుతుంది?" అని అడుగుతాను. రిపోర్టు ఏ రోజు, ఎవరు చెప్తారో ముందే తేదీ పెట్టించుకుంటాను. ఫోన్‌కు వచ్చినది డాక్టర్ ముందు కూర్చున్నాకే తెరుస్తాను. మా ఆయన కూడా ఒప్పుకున్నాడు, కష్టంగానే.

చివరగా ఒక పని. వెనక టేబుల్ మీద కాగితాలు పెట్టాను, ఒక్క పేజీ. ఆపరేషన్ తేదీ, ఏ వైపు, ఎన్ని గడ్డలు తీశారు, కీమో మందుల పేర్లు, ఎర్ర మందు మొత్తం ఎంత పడింది, రేడియేషన్ ఎక్కడ ఎన్ని రోజులు, మాత్ర ఎప్పుడు మొదలైంది, డెక్సా ఎప్పుడు తీశారు, ఎకో ఎప్పుడు తీశారు. మీ ఫైలు చూసి నింపండి, తెలియనివి ఖాళీ వదలండి. వేదిక మీదున్న డాక్టరమ్మలు భోజనాల తర్వాత కూర్చుంటామని మాట ఇచ్చారు, ఖాళీలు వాళ్లనే అడగండి. టేపులు రెండు తెచ్చాను. చేతులు కొలిపించుకునేవాళ్లు కిటికీ పక్కకు రండి అక్కా, తెర కట్టి ఉంచాం.