తూర్పు సముద్రం ఎవరికి తూర్పు?

అందరికీ నమస్కారం.

బాల్టిక్ సముద్రం గురించి ఒక చిన్న తమాషాతో మొదలుపెడతాను. జర్మన్లు దాన్ని ఓస్ట్‌జే అంటారు. అంటే తూర్పు సముద్రం. స్వీడన్ వాళ్లు పెట్టుకున్న పేరుకీ అర్థం అదే. కానీ ఆ నీళ్లనే ఎస్టోనియా వాళ్లు పడమటి సముద్రం అంటారు. ఇందులో వింతేమీ లేదు. వాళ్ల ఒడ్డున నిలబడి చూస్తే సముద్రం పడమరనే కనిపిస్తుంది. వింతంతా ఫిన్లండ్‌లో ఉంది. వాళ్లకి ఆ సముద్రం పడమరన, దక్షిణాన ఉంటుంది. అయినా ఫిన్నిష్‌లో దాని పేరు ఇతామెరి, అంటే మళ్లీ తూర్పు సముద్రమే! ఫిన్లండ్ వందల ఏళ్లు స్వీడన్ ఏలుబడిలో ఉంది. ఏలినవాళ్ల మాటను తమ భాషలోకి మార్చుకున్నారు, దిక్కు మాత్రం మార్చుకోలేదు.

సముద్రం పేరు సముద్రం గురించి చెప్పేది తక్కువ. పేరు పెట్టినవాడు ఎక్కడ నిలబడి చూశాడో ఎక్కువ చెబుతుంది. 1513లో బల్బోవా అనే స్పానిష్ వాడు పనామా భూసంధి దాటి అవతలి నీళ్లు చూసి, దానికి దక్షిణ సముద్రం అని పేరు పెట్టాడు. అమెరికా ఖండాలకి ఆ మహాసముద్రం పడమరన కదా, దక్షిణం ఎలా అయింది? పనామా దగ్గర నేల తూర్పు పడమరలుగా సాగుతుంది. ఆయన ఉత్తరపు ఒడ్డు నుంచి దక్షిణానికి నడిచి వచ్చాడు. ఆయన నడకకి అది దక్షిణమే. ఏడేళ్లకి మెజెలాన్ దక్షిణ అమెరికా చివర ఉన్న జలసంధిలో అవస్థలు పడి బయటికొచ్చేసరికి నీళ్లు నిమ్మళంగా కనిపించాయి. అందుకని పసిఫిక్, మన పుస్తకాల్లో ప్రశాంత మహాసముద్రం. అక్కడ లేచే తుఫానుల సంగతి ఆయనకి అప్పటికి తెలియదు.

గమనించి చూస్తే పేర్లు పెట్టడంలో రెండు అలవాట్లు కనిపిస్తాయి. ఒడ్డున బతికేవాళ్లు దిక్కుని బట్టి పిలుస్తారు. దూరం నుంచి వచ్చిన నావికులకి ఆ దిక్కుతో పని లేదు, ఏ దేశానికి దగ్గరగా ఉందో ఆ దేశం పేరు పెట్టేస్తారు. ఈ రెండు అలవాట్లూ ఒకే నీళ్ల మీద ఢీకొంటే ఏమవుతుందో చూపించడానికి ఈరోజు ఒక్క సముద్రాన్నే పట్టుకుంటాను.

జపాన్ దీవులకీ, కొరియా ద్వీపకల్పానికీ, రష్యా తూర్పు తీరానికీ మధ్య సుమారు పది లక్షల చదరపు కిలోమీటర్ల సముద్రం ఉంది. దాదాపు నాలుగు వైపులా నేలే. ఇరుకైన జలసంధుల గుండానే బయటికి దారి. దీన్ని జపాన్ వాళ్లు నిహోన్‌కాయ్, అంటే జపాన్ సముద్రం అంటారు. దక్షిణ కొరియాలో దోంగ్హే, అంటే తూర్పు సముద్రం. ఉత్తర కొరియా ఇంకో మాట కలిపి కొరియా తూర్పు సముద్రం అంటుంది. రష్యన్లూ చైనీయులూ జపాన్ సముద్రమనే అంటారు.

కొరియా వాళ్లకి ఈ పేరు ఎంత ముఖ్యమంటే, దక్షిణ కొరియా జాతీయ గీతం మొదలయ్యేదే ఈ తూర్పు సముద్రం మాటతో. 1145లో పూర్తయిన వాళ్ల పాత చరిత్ర గ్రంథంలో కూడా ఆ పేరు ఉంది. కాబట్టి ఇది నిన్నా మొన్నా పుట్టించిన పేరు కాదు.

మరి జపాన్ సముద్రం అన్న పేరు జపాన్ వాళ్లు అంటగట్టిందా? చాలామంది అలాగే అనుకుంటారు గానీ కాదు. 1602లో మతేయో రిచ్చీ అనే ఇటలీ జెసూట్ మతగురువు బీజింగ్‌లో చైనీస్ లిపిలో ఒక ప్రపంచ పటం తయారుచేశాడు. అందులో ఈ పేరు ఉంది. ఆ తర్వాత యూరప్ పటాలు చాలాకాలం ఒక మాట మీద నిలవలేదు. కొన్నింట్లో కొరియా సముద్రం, కొన్నింట్లో ప్రాచ్య సముద్రం, కొన్నింట్లో జపాన్ సముద్రం. 1787లో ఫ్రెంచ్ నావికుడు లా పెరూజ్ ఆ నీళ్లలో ప్రయాణించాడు. 1800ల మొదట్లో రష్యా తరఫున క్రూజెన్‌స్టెర్న్ వెళ్లాడు. వీళ్ల పటాలు అచ్చయ్యాక యూరప్‌లో జపాన్ సముద్రమే స్థిరపడుతూ వచ్చింది. మరి అదే రోజుల్లో జపాన్‌లో ఏమన్నారు? 1810లో జపాన్ పాలకుల కొలువులో ఖగోళ అధికారిగా ఉన్న తకహాషి కగెయసు వేసిన ప్రపంచ పటంలో ఈ సముద్రానికి రాసిన పేరు చోసెన్‌కాయ్, అంటే కొరియా సముద్రం! పసిఫిక్ వైపు నీళ్లకి ఆయన మహా జపాన్ సముద్రం అని రాశాడు. ఆయన దృష్టిలో దేశానికి ముంగిలి అటువైపు కాబోలు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. రెండు దేశాల ప్రభుత్వాలూ పాత పటాలు లెక్కపెట్టించి, మా పేరే ఎక్కువ అని చూపిస్తుంటాయి. ఆ లెక్కలు చూసేటప్పుడు కొరియా సముద్రం అని ఉన్న పటాన్ని ఏ ఖాతాలో వేశారో చూడండి. ఆ పటం జపాన్ పేరు ఒక్కటే ఉండేది కాదని రుజువు చేస్తుంది. తూర్పు సముద్రం అన్న పేరుని మాత్రం రుజువు చేయదు. ప్రాచ్య సముద్రం అన్నదీ అంతే. అది యూరప్ వాడి తూర్పు, కొరియా వాడి తూర్పు కాదు.

ఇంతవరకూ ఇది పటాలు గీసేవాళ్ల సంగతి. గొడవగా మారింది ఒక చిన్న పుస్తకంతో. 1921లో మొనాకోలో ఒక అంతర్జాతీయ కార్యాలయం పెట్టారు. ఇప్పుడు దాని పేరు ఇంటర్నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆర్గనైజేషన్. నావికులకి పంపే హెచ్చరికలు, దారి చూపే పుస్తకాలు అన్ని దేశాల్లో ఒకే తీరుగా ఉండాలంటే ఏ సముద్రం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఒప్పందం ఉండాలి కదా. అందుకోసం వాళ్లు 1928లో ఎస్-23 అనే ప్రచురణ తెచ్చారు. సముద్రాల పేర్లు, ఏ అగ్రం నుంచి ఏ అగ్రానికి గీత గీయాలో వివరాలు, అంతే. ఈ హద్దులకి రాజకీయ అర్థం ఏమీ లేదని ఆ పుస్తకమే చెప్పుకుంది. అందులో జపాన్ సముద్రం అని అచ్చయింది. 1937లో రెండో కూర్పు, 1953లో మూడో కూర్పు. రెండింటిలోనూ అదే పేరు.

కొరియా ఫిర్యాదు ఈ తేదీల మీదే. 1910 నుంచి 1945 దాకా కొరియా జపాన్ పాలనలో ఉంది. మొదటి రెండు కూర్పులప్పుడు ఆ బల్ల దగ్గర వాళ్లకి కుర్చీ లేదు. మూడోది వచ్చిన 1953లో కొరియా యుద్ధం. దక్షిణ కొరియా ఆ సంస్థలో చేరింది 1957లో. నన్నడిగితే వాళ్ల వాదనలో బలమైన ముక్క ఇదే, పాత పటాల లెక్క కాదు. జపాన్ జవాబు కూడా తేలిగ్గా తీసేసేది కాదు. మా పాలన మొదలవడానికి వందేళ్ల ముందే యూరప్ వాళ్లు ఆ పేరు స్థిరపరిచారు, వలస పాలనతో దానికి సంబంధం లేదు అంటారు. పైగా పసిఫిక్ నుంచి ఆ నీళ్లను వేరుచేస్తున్నది జపాన్ దీవులే కాబట్టి పేరు భూగోళానికి సరిపోయింది అంటారు.

1991లో రెండు కొరియాలూ ఐక్యరాజ్యసమితిలో చేరాయి. మరుసటి ఏడాదే భౌగోళిక నామాల సమావేశంలో ఈ విషయం ఎత్తాయి. దక్షిణ కొరియా అడిగింది జపాన్ పేరు తీసేయమని కాదు, రెండు పేర్లూ పక్కపక్కన వేయమని. దానికి ఆధారంగా ఆ హైడ్రోగ్రాఫిక్ సంస్థదే 1974 నాటి నియమం ఒకటి చూపించింది. ఒక భౌగోళిక ప్రాంతాన్ని పంచుకునే దేశాలు ఒకే పేరు మీద ఒప్పందానికి రాలేకపోతే అందరి పేర్లూ పటంలో వేయాలన్నది దాని సారాంశం. ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య జలసంధిని ఒకరు ఇంగ్లిష్ ఛానెల్ అంటే ఇంకొకరు లా మాంష్ అంటారు. అలాంటి చోట్లకి ఇది చక్కగా సరిపోతుంది. కానీ ఆ నియమంలో ఉదాహరణలుగా రాసింది అఖాతం, జలసంధి లాంటివి. ఇది ఎవరి హద్దుకీ చెందని బహిరంగ సముద్రం, దీనికి ఆ నియమం వర్తించదు అని జపాన్ అడ్డం తిరిగింది. ఇప్పటికీ అక్కడే ఉన్నారు.

ఇందులో నాకు బాగా గుర్తుండిపోయింది 2002. ఎస్-23 నాలుగో కూర్పు ముసాయిదాను సభ్య దేశాలకి పంపినప్పుడు ఆ కార్యాలయం ఈ సముద్రం ఉండాల్సిన పేజీలు ఖాళీగా వదిలేసింది. ఏ పేరు వేసినా ఒకరికి కోపం వస్తుంది, కాబట్టి సముద్రమే లేదు! జపాన్ తీవ్రంగా అభ్యంతరం చెప్పింది. కొన్ని వారాలకే ముసాయిదాను వెనక్కి తీసుకున్నారు. ఆ ఒక్క పేరు తెగక పుస్తకం మొత్తం ఆగిపోయింది. అంటే 1953 కూర్పే ఇప్పటిదాకా చివరిది. అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ మహాసముద్రం లాంటి వేరే పేర్ల సంగతులు కూడా దానితోపాటే ఇరుక్కుపోయాయి.

మధ్యలో రాజీ ప్రయత్నం కూడా జరిగింది. 2006లో దక్షిణ కొరియా అధ్యక్షుడు రో మూ హ్యున్, జపాన్ ప్రధాని షింజో అబేతో మాట్లాడుతూ శాంతి సముద్రం అంటే ఎలా ఉంటుంది అన్నారు. జపాన్ ఒప్పుకోలేదు. ఇద్దరిలో ఎవరి ఊళ్లోనూ ఎవరూ అలా పిలవరు కదా.

తూర్పు సముద్రం అన్న పేరుకి ఇంకో ఇబ్బంది ఉంది. ఆ రెండు చైనీస్ అక్షరాలనే చైనా వాళ్లు తమ తూర్పు చైనా సముద్రానికి వాడుకుంటారు. వియత్నాం వాళ్లు దక్షిణ చైనా సముద్రాన్ని బియెన్ దోంగ్ అంటారు, దాని అర్థమూ తూర్పు సముద్రమే. అదే సముద్రంలో తమ వైపు భాగానికి 2012లో ఫిలిప్పీన్స్ పశ్చిమ ఫిలిప్పీన్ సముద్రం అని అధికారికంగా పేరు పెట్టింది. ఎవరి ఒడ్డున వాళ్లు నిలబడితే ఎవరి దిక్కు వాళ్లకి సరైనదే. అందరూ ఒకే కాగితం మీద రాయాల్సి వచ్చినప్పుడే చిక్కు.

చివరికి 2020 నవంబర్‌లో ఆ సంస్థ ఒక దారి వెతికింది. పేర్ల జోలికే వెళ్లకుండా ప్రతి సముద్ర ప్రాంతానికీ ఒక అంకె ఇచ్చే కొత్త డిజిటల్ ప్రమాణం చేద్దామని నిర్ణయించింది. దానికి ఎస్-130 అని పేరు. పాత ఎస్-23ని పారేయరు, కాగితం నుంచి కంప్యూటర్‌కి మారిన చరిత్రకి గుర్తుగా ఉంచుతారు. దక్షిణ కొరియా ఇది మా గెలుపు, జపాన్ పేరు ఇక ఏకైక ప్రమాణం కాదు అంది. జపాన్ కూడా ఇది మా గెలుపే, పాత పుస్తకం ఉన్నది ఉన్నట్టే ఉంది కదా అంది.

ఓడలోని కంప్యూటర్‌కి అంకె చాలు. మనిషి చూసే పటం మీద మాత్రం ఏదో ఒకటి రాయాలి. అందుకే గూగుల్ పటంలో ఆ సముద్రాన్ని జపాన్‌లో తెరిస్తే ఒక పేరు, దక్షిణ కొరియాలో తెరిస్తే ఇంకో పేరు, వేరే చోట్ల ఒకటి బయటా ఒకటి బ్రాకెట్లోనూ కనిపిస్తాయి. బ్రాకెట్లో ఎవరుండాలన్నది ఇప్పటి గొడవ.